పక్కింటికి వేడి బూరెలు: ఏడో తరగతి పిల్లల కోసం పండుగ కథ రాసే పద్ధతి

ఆదివారం పూట మా వీధి పిల్లల్ని కూర్చోబెట్టి కథలు చదివి వినిపిస్తుంటాను. కోనసీమలో కాలువ గట్టు పక్కన ఊరు మాది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వాళ్లు. ఒకసారి వాళ్ల కోసం నేనే ఒక కథ రాశాను. పక్కపక్క ఇళ్లలో ఉండే ఇద్దరమ్మాయిలు, భవ్య, రిజ్వానా. ఉగాది రోజు భవ్య బూరెలు పట్టుకెళ్తుంది. రిజ్వానా తినదు, పక్కన పెట్టేస్తుంది. భవ్య మనసు నొచ్చుకుంటుంది. సాయంత్రానికి, అది రంజాన్ ఉపవాసం వల్ల అని తెలుస్తుంది. ఇద్దరూ నవ్వుకుంటారు.

చదవడం పూర్తవగానే ఏడో తరగతి అమ్మాయి ఒకటే మాట అడిగింది. "పక్కింట్లోనే ఉంటారు కదండీ, రంజాన్ నెలని ఆ అమ్మాయికి తెలీదా?"

కథ అక్కడే కూలిపోయింది. ఏళ్ల తరబడి గోడ పక్కన గోడగా బతికినవాళ్లకి ఒకరి ఉపవాసం ఇంకొకరికి తెలియకపోవడం అబద్ధం. మా దగ్గర తెల్లవారుజామున సహరీకి మైకులో లేపితే ఊరంతటికీ వినిపిస్తుంది. ఆ కథని విప్పి, మళ్లీ ఎలా కట్టానో వరసగా చెబుతాను. మీరు రాసే కథలో పండుగ వేరు కావచ్చు, ఊరు వేరు కావచ్చు, పని మాత్రం ఇదే వరసలో సాగుతుంది.

ముందు తారీఖు తేల్చుకోండి

"ఒకానొక పండుగ రోజున" అని మొదలుపెట్టకండి. ఏ సంవత్సరం, ఏ వారం, ఏ పూట అన్నది మీకు తెలిసి ఉండాలి, కథలో రాయకపోయినా సరే. నేను 2025 తీసుకున్నాను. ఆ ఏడు ఉగాది మార్చి 30, ఆదివారం. రంజాన్ పండుగ ఆ మర్నాడే, సోమవారం. అంటే ఉగాది పగలు రంజాన్ నెలలో ఆఖరి ఉపవాసం. బూరెలు వేగే రోజూ, పక్కింట్లో పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టని రోజూ ఒకటే.

ఇది వింతేమీ కాదు. రెండు లెక్కలూ చంద్రుడివే. అమావాస్య వెళ్లిన పాడ్యమి నాడు ఉగాది. ఆ అమావాస్య తర్వాత సన్నటి నెలవంక కనిపిస్తే, మర్నాడు రంజాన్. 2024లో కూడా ఇలాగే ఏప్రిల్ 9న ఉగాది, 11న రంజాన్ వచ్చాయి. కానీ ఏటా ఇలా జరగదు. ముస్లింల సంవత్సరం మన ఇంగ్లీషు సంవత్సరం కంటే సుమారు 11 రోజులు తక్కువ, అందుకని రంజాన్ ఏడాదికేడాది వెనక్కి జరుగుతూ పోతుంది. మన పంచాంగంలో అప్పుడప్పుడూ అధిక మాసం వచ్చి ఉగాదిని మళ్లీ ఋతువు దగ్గరకి తెస్తుంది. అందుకే కొన్నేళ్లు దగ్గరగా వచ్చి, తర్వాత విడిపోతాయి. కథలో రెండు పండుగలూ పక్కపక్కన పెట్టేముందు ఆ ఏడాది క్యాలెండరు తీసి చూడండి. సంక్రాంతి పక్కన రంజాన్ పెట్టి రాసిన కథలు చదివాను. అలా రావాలంటే ఏ సంవత్సరమో ఆ రచయితలు లెక్క చూసుకోలేదనిపించింది.

తారీఖు తేలితే ఊరు దానంతటదే కనిపిస్తుంది. మార్చి ఆఖరంటే దాళ్వా చేలు ఇంకా కోతకి రాలేదు, కాలువలో నీళ్లున్నాయి, వేప పూత ఉంది, మామిడి పిందెలు పచ్చడికి సరిపడా ఎదిగాయి. సూర్యుడు దిగేది మా వైపు సుమారు ఆరుంబావుకి. పడమటి వైపు కొబ్బరితోట ఉంటే నెలవంక దాని వెనక దాక్కుంటుంది, చూడాలంటే మేడ మీదకో కాలువ గట్టు మీదకో వెళ్లాలి. వర్ణన కోసం వెతుక్కోనక్కర్లేదు. ఇందులో ఒకటి రెండు చాలు.

తినే వస్తువే కథని నడపాలి

నా మొదటి కథలో బూరెలు తీసేసి లడ్డూలు పెట్టినా ఏమీ మారేది కాదు. అది పెద్ద లోపం. వస్తువు మారిస్తే కథ మారిపోవాలి. అందుకని, ఎంచుకున్న పిండివంట ఎలా తయారవుతుందో, ఎక్కడ చెడుతుందో రాసేవాళ్లకి చేతుల్లోకి రావాలి. నేను మా వదిన పక్కన నిలబడి రెండు సార్లు చూశాను, ఒకసారి చేశాను.

పూర్ణం బూరెకి గోదావరి జిల్లాల్లో ఒక పద్ధతి ఉంది. వేడి బూరెకి వేలితో బెజ్జం పెట్టి, ఆ గుంటలో నెయ్యి పోసుకుని తింటారు. చల్లారితే పైతొడుగు మెత్తబడి సాగుతుంది, లోపల పూర్ణం గట్టిపడుతుంది, నెయ్యి పోస్తే పేరుకుంటుంది. అంటే బూరెకి ఒక సమయం ఉంది. ఉపవాసానికీ ఒక సమయం ఉంది. ఉదయం పది గంటలకి వేగిన బూరె, సాయంత్రం ఆరుంబావుకి తినాల్సిన మనిషి. నాకు కావలసిన ముడి ఈ రెండింటి మధ్య దొరికింది.

ఇక భవ్యకి ఏదీ తెలియకపోవాల్సిన పని లేదు. అంతా తెలుసు. రిజ్వానా ఈ ఏడు మొదటిసారి ఆఖరి వారమంతా రోజా ఉందని తెలుసు. చల్లారిన బూరె ఇస్తే మర్యాదకి తింటుందని తెలుసు. ఆమె కోరిక చాలా చిన్నది: అజాన్ వినిపించేసరికి బూరె వేడిగా ఉండాలి. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు ఇలాంటి కోరికని వెంటనే పట్టుకుంటారు. "మతాలు వేరైనా మనసులొకటి" అన్నది వాళ్లు పరీక్షలో రాసే వాక్యం. కథ వింటూ దాని కోసం ఎదురుచూడరు. బూరె వేడిగా అందుతుందా లేదా అన్నదానికి మాత్రం చూస్తారు.

ఇప్పుడు అడ్డంకులు. ఇవి కూడా వంటలోంచే రావాలి. పూర్ణానికి శనగపప్పు, బెల్లం సమానంగా పడతాయి. పప్పు వేళ్ల మధ్య నలిగేలా ఉడకాలి గాని నీరుండకూడదు. పైపిండికి ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల బియ్యం నానబెట్టి రుబ్బుతారు, రుబ్బిన పిండిని పులియనివ్వరు. సాయంత్రం దాకా బూరెలు ఆపాలంటే ఈ రెండూ ఆగాలి. పూర్ణం ఆగుతుంది. పిండి ఆ ఎండకి బయట ఉంటే పులుస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టాలి. దాంతోపాటే ఫ్రిజ్‌లో పెట్టిన పూర్ణం చెమర్చి జారుగా అవుతుంది. జారు పూర్ణం నూనెలో పడితే తొడుగు పగిలి బయటికొస్తుంది, బెల్లం మాడి నూనె నల్లబడుతుంది. పూర్ణాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టి కాసేపు కలిపితే గట్టిపడుతుంది, కానీ దానికి టైము పడుతుంది. ఆ టైమే భవ్య దగ్గర లేదు. ఇంతకంటే పెద్ద విలన్ నాకు అక్కర్లేకపోయింది.

రెండు ఇళ్లలోనూ అడిగాకే రాయండి

ఈ మెట్టు దాటేసి రాస్తే రెండిళ్లలో ఒక ఇల్లు బొమ్మగా మిగిలిపోతుంది, సాధారణంగా మనది కాని ఇల్లు. నేను అడిగినవి మూడే ప్రశ్నలు.

మొదటిది, దేవుడికి పెట్టినది పక్కింటివాళ్లు తింటారా? కొన్ని ముస్లిం ఇళ్లలో తింటారు, కొన్ని ఇళ్లలో నైవేద్యం పెట్టినది తినరు. ఇటు హిందువుల ఇళ్లలో నైవేద్యం కాకుండా ఎవరికీ పెట్టని వాళ్లున్నారు. ఈ ఇబ్బందిని రచయితలు రెండు రకాలుగా పాడుచేస్తారు. అసలు లేనట్టు దాటేయడం ఒకటి, దాని మీద పెద్ద చర్చ పెట్టడం రెండోది. మా వీధిలో పెద్దావిడ ఒకరు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని నాకు దారి చూపింది. మొదటి వాయి దేవుడి గదికి వెళ్తుంది. రెండో వాయి పక్కింటి గిన్నెలోకి వెళ్తుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. కథలో దీనికి నేను ఒక్క వాక్యమే ఇచ్చాను: "మామ్మ మొదటి వాయి దేవుడి గదిలో పెట్టి, రెండో వాయి కోసం పక్కింటి స్టీలు గిన్నె కడిగింది." తెలిసిన పిల్లలు గమనిస్తారు, తెలియని పిల్లలకి కథ ఆగదు.

రెండోది, తిరిగి వచ్చే గిన్నెలో ఏముంటుంది? ఖాళీ గిన్నె తిరిగి పంపడం మన వైపు ఎవరికీ ఇష్టం ఉండదు, ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి ఇస్తారు. రంజాన్ నాడు వచ్చేది షీర్ ఖుర్మా. షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. చిక్కగా మరిగిన పాలలో నేతిలో వేయించిన సన్న సేమ్యా, ఖర్జూరం, జీడిపప్పు పడతాయి. మాంసం తినని ఇంటికి పంపేటప్పుడు విడిగా గిన్నె పెట్టి కాచే ఇళ్లు నేను చూశాను. ఇదీ అడిగి తెలుసుకోవాల్సిందే. మా పెద్దావిడ చేసినట్టే అవతలి అమ్మ కూడా చెప్పకుండా చేసే పని ఇది.

మూడోది, పిల్లలు ఏ వయసులో రోజా మొదలుపెడతారు, మొదటిసారి ఉన్నప్పుడు ఎలా ఉంటుంది? దీనికి పెద్దల్ని కాదు, పిల్లల్నే అడగాలి. ఒకమ్మాయి నాతో, "ఆకలి కంటే దాహం కష్టం, మూడింటికి గడియారం అస్సలు కదలదు" అంది. ఆ మాట తీసుకుంటానని చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే కథలో పెట్టాను.

దృశ్యాలు నాలుగు, మాటలు వెయ్యి

ఈ వయసు పిల్లలకి చదివి వినిపించే కథ 900 నుంచి 1200 మాటలు ఉంటే బాగుంటుంది. అంతకు మించితే వెనక కూర్చున్నవాళ్లు కదలడం మొదలుపెడతారు. నేను నాలుగు దృశ్యాలుగా కోసుకున్నాను.

ఉదయం వంటింట్లో రెండో వాయి వేగుతుండగా భవ్య మామ్మని అడుగుతుంది, కొంచెం పిండీ పూర్ణం ఉంచమని. దీనికి 200 మాటలు చాలు. మధ్యాహ్నం గోడ దగ్గర ఇద్దరూ మాట్లాడుకుంటారు, మూడింటికి కదలని గడియారం ఇక్కడ వస్తుంది. దీనికీ అంతే. సాయంత్రం అయిదున్నర నుంచి పొయ్యి దగ్గర జరిగేదే కథ గుండెకాయ, సగం మాటలు దానికే ఇచ్చాను. చివర పక్కింటి మేడ మీద చిన్న దృశ్యం.

మొత్తం కథ భవ్య కళ్లలోంచే సాగుతుంది. రిజ్వానా ఇంట్లో ఏమనుకుంటున్నారో రాయాలని చేతులు దురద పెడతాయి, రాయకండి. భవ్యకి కనిపించినదే, వినిపించినదే. ఒకసారి ఆ ఇంట్లోకి, ఒకసారి ఈ ఇంట్లోకి దూకితే పన్నెండేళ్ల పాఠకులు ఎవరి పక్కన నిలబడాలో తేల్చుకోలేరు.

ఇంకో జాగ్రత్త. పని పిల్లే చేయాలి. మొదటి ప్రతిలో మామ్మే సాయంత్రం బూరెలు వేసి ఇచ్చింది, భవ్య కేవలం మోసుకెళ్లింది. రెండో ప్రతిలో గరిటె భవ్య చేతికొచ్చింది. కాగే నూనె కాబట్టి మామ్మ పక్కనే ఉంది, ఆమె మోకాళ్ల నొప్పితో పీట మీద కూర్చుని చెబుతుంది, భవ్య చేస్తుంది. మూడో దృశ్యంలో కొంత భాగం ఇది:

> పూర్ణం ఉండ చేతికి అంటుకుంది. పొద్దున ఇలా లేదు.
>
> "మామ్మా, జారిపోతోంది."
>
> "ఫ్రిజ్జులో చెమర్చిందే. మళ్లీ పొయ్యెక్కించు."
>
> "టైము లేదు మామ్మా, ఆరయిపోయింది."
>
> మామ్మ ఏమీ అనలేదు. భవ్య ఉండని పిండిలో ముంచి నూనెలో వదిలింది. బూరె ఒక్కసారి పైకి తేలి, టప్ మని పగిలింది. బెల్లం నూనెలో నురగలు కట్టింది.
>
> భవ్య దాన్ని చిల్లుల గరిటెతో తీసి గిన్నె అంచున పెట్టింది. మంట తగ్గించి మూకుడు దింపింది. పూర్ణం గిన్నె పొయ్యి మీద పెట్టి, అడుగంటకుండా కలపడం మొదలుపెట్టింది. కిటికీలోంచి ఎండ కొబ్బరిచెట్ల మొదళ్ల దాకా దిగింది.

ఇందులో భవ్య భయపడిందని ఎక్కడా రాయలేదు. టైము లేదన్న పిల్లే మంట తగ్గించి పూర్ణం కలుపుతోంది. ఎండ కిందికి దిగుతోంది. చదివి వినిపించినప్పుడు పిల్లలు ఇక్కడ కదలలేదు. నూనె నురగ కట్టడం వంటింట్లో నిలబడి చూడకపోతే నాకు తోచేది కాదు.

మాట తీరు

కథనం మామూలు రాత భాషలో ఉంచి, సంభాషణలోనే యాస వాడండి, అదీ పలచగా. మా వైపు నానమ్మని "మామ్మ" అంటారు. పెద్దవాళ్లకి చెప్పే ప్రతి మాట చివరా "అండీ" తగులుతుంది. ఆ రెండు చాలు గోదావరి అని తెలియడానికి. ప్రతి క్రియనీ "ఎల్తన్నాను, సెప్తన్నాను" అని రాస్తే పిల్లలు అర్థం కోసం ఆగిపోతారు.

వరసలు మాత్రం జాగ్రత్తగా పెట్టండి. భవ్య రిజ్వానా తల్లిని "పిన్నీ" అంటుంది. ఆమె భవ్య మామ్మని "అత్తయ్యగారూ" అంటుంది. రెండిళ్లు ఎన్నాళ్ల నుంచి కలిసి ఉన్నాయో చెప్పడానికి ఇంకే వాక్యం అవసరం లేకపోయింది. రిజ్వానా తన తల్లిని "అమ్మీ" అంటుంది, భవ్యతో మాట్లాడేటప్పుడు "మా అమ్మ" అంటుంది. డెల్టాలో పుట్టి పెరిగిన ముస్లిం పిల్లలు మనలాగే తెలుగు మాట్లాడతారు. వాళ్ల నోట విరిగిన తెలుగు పెట్టడం పాత నాటకాల అలవాటు. అది వినే పిల్లల్లో ఆ ఇంటి పిల్ల కూడా ఉండవచ్చని గుర్తుంచుకోవాలి. నా ముందు కూర్చున్నవాళ్లలో ఉంది.

ముగింపు దగ్గర ఎవర్నీ మాట్లాడనివ్వకండి

మొదటి ప్రతిలో చివర మామ్మ ఇద్దరి తలలు నిమిరి అయిదు వాక్యాలు చెప్పింది. మొత్తం కొట్టేశాను. "సామరస్యం", "ఐకమత్యం", "భిన్నత్వం" అన్న మాటలు కథలో ఎక్కడైనా ఉన్నాయేమో వెతికి, అవి ఉన్న వాక్యాలు తీసేశాను. ఇవి తప్పు మాటలు కావు, కానీ అవి రాగానే పిల్లలకి కథ అయిపోయి పాఠం మొదలైనట్టు వినిపిస్తుంది.

దానికి బదులు, మూడో దృశ్యంలో పగిలిన బూరెని పారేయకుండా దాచుకున్నాను. భవ్య గిన్నెలో నాలుగు బూరెలు వేసుకుని గోడ దాటుతుంది. మూడు గుండ్రంగా ఉన్నాయి, ఒకటి పగిలింది. మేడ మీద అందరూ పడమటి వైపు చూస్తున్నారు. అజాన్ వినిపించింది. రిజ్వానా ఖర్జూరం నోట్లో వేసుకుంది, నీళ్లు తాగింది. భవ్య గిన్నె చాపింది, పగిలినదాన్ని వేళ్లతో మూస్తూ.

> "పగిలింది ఇటివ్వవే," అంది రిజ్వానా. "బెజ్జం పెట్టక్కర్లేదు. నెయ్యేదీ?"

కథ అక్కడే ఆపాను. ముందు ఒకరి మీద ఒకరు పడి నవ్వారని ఇంకో వాక్యం ఉండేది. పిల్లలు ఆ మాటకే నవ్వేశారు కాబట్టి దాన్ని తీసేశాను.

గట్టిగా చదివి, ప్రశ్నలు రాసుకోండి

పది నిమిషాల్లో చదవడం పూర్తవ్వాలి. చదువుతూ మీ నాలుక తడబడిన చోట గీత పెట్టుకోండి, ఆ వాక్యం రెండు వాక్యాలు కావాలి. పిల్లల్ని "నచ్చిందా" అని అడగకండి, నచ్చిందనే అంటారు. "ఎక్కడ అర్థం కాలేదు, ఎక్కడ నమ్మలేదు" అని అడగండి.

రెండో ప్రతి చదివాక నాకు వచ్చిన ప్రశ్నలు రెండు. మొదటిది, "నెయ్యి తేవడం మర్చిపోయిందా అండీ?" మర్చిపోలేదు, నేను రాయడం మర్చిపోయాను. మూడో దృశ్యం చివర మామ్మ చిన్న నెయ్యి గిన్నె ముందు పెట్టినట్టు, భవ్య హడావుడిలో దాన్ని గట్టు మీదే వదిలేసినట్టు ఒక వాక్యం చేర్చాను. దాంతో రిజ్వానా ఆఖరి మాటకి ఇంకా బలం వచ్చింది.

రెండోది మొదటిసారి తప్పు పట్టిన అమ్మాయే అడిగింది. "నెలవంక కనపడిందా లేదా?" నేను బూరెల గొడవలో పడి చంద్రుణ్ణి మర్చేపోయాను. నెలవంక కనపడకపోతే మర్నాడు పండుగే కాదు, ఇంకో రోజు ఉపవాసం. ఆ మేడ మీద ఉన్న ప్రతివాళ్లకీ అన్నిటికంటే ముఖ్యమైన సంగతి అదే. పైగా సూర్యుడు దిగగానే అంత సన్నటి రేఖ కనిపించదు, ఆకాశం కాస్త చీకటి పడాలి, ఆ తర్వాత కాసేపటికే అది కూడా దిగిపోతుంది. కాబట్టి అజాన్ వినిపించినప్పుడు దాన్ని చూపించడం కుదరదు. ఆఖరి మాట తర్వాత ఒకే ఒక వాక్యం చేర్చి మళ్లీ చదివాను. ఇప్పుడు కథ ఇలా పూర్తవుతుంది: "భవ్య నెయ్యి గిన్నె కోసం మెట్లు దిగుతుంటే, పైన పిన్ని గొంతు వినిపించింది, 'అదిగో, అదిగో, ఆ రెండు కొబ్బరిచెట్ల మధ్యన!'"